పెద్ద సిస్టర్ చుక్కల బొమ్మ

ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ స్టూడియో వదిన. వయసులో ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా వదిన అనే పిలిచేవారు. దానికి కారణం ఆవిడ భర్త. ఎవరొచ్చి ఏమడిగినా ఆయన నోట్లోంచి ముందు 'సరే' అన్న మాట ఊడిపడేది, ఆలోచన తరవాత తీరిగ్గా వచ్చేది. అలా ఆయన సరే అన్నయ్య అయ్యాడు. ఆయన్ని కట్టుకున్న పాపానికి ఆవిడ వదిన అయింది.

ఫొటో దిగే రోజు ఊళ్ళో లేని మేనమామని గ్రూపు మధ్యలో నిలబెట్టగలరా అంటే సరే. కళ్ళు మూసుకున్న పసిపిల్లకి కళ్ళు తెరిపించగలరా అంటే సరే. బట్టతల మీద నాలుగు వెంట్రుకలు మొలిపించగలరా అంటే నాలుగెందుకు, పది మొలిపిస్తాం, సరే. వాళ్ళ ఇల్లే స్టూడియో. ముందు గదిలో కౌంటరు దగ్గర ఆయన పంచిపెట్టే ఈ సరేలన్నీ వెనక గదిలో కంప్యూటరు ముందు కూర్చున్న వదిన నెత్తిమీదకి వచ్చిపడేవి.

పని విషయంలో ఆవిడని తప్పుపట్టడానికి లేదు. ఆవిడ పుట్టింటిదీ ఫొటో స్టూడియోనే. వాళ్ళ నాన్న నెగటివ్‌ని వెలుతురుపెట్టె మీద పరిచి, సన్నగా చెక్కిన పెన్సిలుతో మొహాల మీది ముడతలు పూడ్చేవాడు. ముడత నెగటివ్‌లో తేటగా కనిపిస్తుంది. ఆ తేటదనాన్ని పెన్సిలు పొడితో నింపితే ప్రింటులో ముడత మాయమైపోతుంది. లంగా ఓణీలు వేసుకునే వయసులోనే వదిన ఆ పని పట్టుబడేలా నేర్చుకుంది. పెన్సిలు పోయి కంప్యూటరు వచ్చినా చేసే పని మారలేదు. మచ్చ కనబడితే తుడవడం, గీత కనబడితే కరిగించడం. మొహం మీద ఏదైనా ఉంటే అది తీసేయడానికే ఉందని ఆవిడ చెయ్యి నమ్మేసింది.

అలాంటి మనిషి మీదకి సరే అన్నయ్య ఒకరోజు కామిక్ బొమ్మల పని తెచ్చిపడేశాడు.

పిల్లల ఆసుపత్రిలో వార్డు ముందు పొడుగాటి నడవ ఒకటుంది. సూది వేసే గదికి ఆ నడవలోంచే వెళ్ళాలి. పిల్లలు నడవ మొదట్లోనే ఏడుపు అందుకుంటున్నారని, ఆ గోడల మీద వార్డులో పనిచేసే వాళ్ళందరి బొమ్మలూ పెడదామని ఆసుపత్రి వాళ్ళు అనుకున్నారు. మామూలు ఫొటోలు కాదు. కామిక్ పుస్తకాల్లో ఉంటాయే, లావాటి నల్లగీతలు, పూత పూసినట్టుండే రంగులు, బుగ్గల మీదా నీడల్లోనూ సన్నసన్నటి చుక్కలు, అలా కావాలన్నారు. ఒక్కో బొమ్మ తలుపంత ఉండాలన్నారు.

"అదెంత పనండీ, సరే!" అన్నాడు అన్నయ్య.

అనడమే కాదు, తనే స్వయంగా వెళ్ళి అందరి ఫొటోలూ తీసుకొచ్చాడు. తెచ్చి, ఫోనులో ఏదో యాప్‌లో వేసి, వేలితో ఒక్క నొక్కు నొక్కి వదిన మొహం ముందు పెట్టాడు.

"చూశావా? నిమిషం పట్టలేదు. నువ్వూ ఉన్నావు, పొద్దస్తమానం ఆ కుర్చీకి అతుక్కుని!"

ఫోనులో ఆ బొమ్మ నిజంగానే ముద్దుగా ఉంది. వదిన కాదనలేదు. ఆ బొమ్మనే కంప్యూటర్లోకి ఎక్కించి, తలుపంత సైజుకి సాగదీసి, ఆయన భుజం పట్టుకుని తెర ముందుకి తిప్పింది. గీతలన్నీ తడిసిన అట్టల అంచుల్లా చీకిపోయాయి. చుక్కలు ఒక్కోటీ బూజు పట్టిన బొత్తాంలా తయారయ్యాయి. డాక్టరుగారి ముక్కు ఎక్కడుందో వెతుక్కోవాలి.

"ఇదేమిటి ఇలా అయింది?"

"చుక్కలు ఎప్పుడైనా చివర్లో వేయాలి. బొమ్మ ఎంత సైజులో అచ్చవుతుందో ఆ సైజుకి తెచ్చాక వేయాలి. చిన్న బొమ్మ మీద చుక్కలేసి, దాన్ని లాగితే చుక్కలూ సాగుతాయి, వాటి అంచులూ చెదురుతాయి. బుడగ మీద బొమ్మేసి ఊదినట్టు."

"మరి ముందే చెప్పొచ్చుగా!"

ఆ మాటకి వదినకి ఒళ్ళు మండింది. ముందే అడిగితే కదా చెప్పడానికి! కానీ అప్పటికే ముందు గదిలో ఎవరో పిలవడం, ఆయన "ఆఁ, సరే సరే" అంటూ వెళ్ళిపోవడం కూడా అయిపోయాయి.

వదిన ఆయన తెచ్చిన ఫొటోలతోనే మొదటినుంచి మొదలుపెట్టింది. ముందు ఫొటోని నునుపు చేయాలి. అయితే గుడ్డిగా చేయకూడదు. చర్మం మీది సన్నటి గరుకంతా పోవాలి గానీ కంటిరెప్ప అంచు, పెదవి అంచు చెదరకూడదు. తరవాత లెక్కలేనన్ని ఛాయల్ని గుప్పెడు ఛాయలకి దించాలి. మొహానికి ఒక వెలుగు రంగు, ఒక నడిమి రంగు, ఒక నీడ రంగు, అంతే. ఇంకోపక్క వెలుగూ చీకటీ కలిసే చోట్లు పట్టుకుని గీతలు లాగి, వాటిని లావు చేయాలి. ఆఖర్న నడిమి రంగు ఉన్నచోట చుక్కలు పరవాలి. వెలుగు దగ్గర చిన్న చుక్కలు, నీడకి వెళ్ళేకొద్దీ పెద్దవి. దూరంనుంచి చూస్తే చుక్కలు కలిసిపోయి నీడలా కనిపించాలి.

చెప్పుకోవడానికి బాగానే ఉంది. కానీ అన్నయ్య తెచ్చిన ఫొటోలున్నాయే, వాటితో తల ప్రాణం తోకకి వచ్చింది. తెల్లకోటు డాక్టర్లని తీసుకెళ్ళి తెల్లగోడకి ఆనించి నిలబెట్టాడు. తెలుపుకీ తెలుపుకీ మధ్య తేడా లేకపోతే గీత ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒక డాక్టరుగారికి ఎడమ భుజమే లేదు. ఇంకొకావిడ తల గాల్లో తేలుతోంది. వదిన ఆ భుజాలన్నీ చేత్తో గీసుకుంటూ కూర్చుంది. గీసినంతసేపూ గొణుగుతూనే ఉంది.

అందరి బొమ్మలూ ఎలాగో దారికొచ్చాయి, ఒక్క పెద్ద సిస్టర్‌ది తప్ప.

పెద్ద సిస్టర్ అంటే వార్డు మొత్తాన్నీ నడిపించే నర్సు. పొడగరి, గట్టి గొంతు. ఎడమ కంటి చుట్టూ చర్మం తెల్లబారి, ఆ తెలుపు కనుబొమ మీదుగా నుదుటి దాకా పాకి ఉంటుంది. ఎప్పటిదో బొల్లిమచ్చ. అన్నయ్య ఆవిణ్ణి సరిగ్గా ట్యూబులైటు కింద నిలబెట్టి ఫొటో తీశాడు. నెత్తిమీద నుంచి పడ్డ వెలుతురుకి ముక్కు కింద ఇంత నీడ, కళ్ళ కింద రెండు గుంటలు, ముక్కు పక్కనుంచి పెదవి చివరలదాకా రెండు కాలవలు. ఛాయలు తగ్గించేసరికి ముక్కు కింది నీడ కాస్తా నల్లముద్దగా మారి కూర్చుంది. లావాటి గీతలు వచ్చేసరికి ఆ కాలవలు ఇంకా లోతయ్యాయి. కంటి చుట్టూ మచ్చ అంచు వెంబడి నల్లటి తాడు చుట్టినట్టు ఒక గీత తయారైంది.

వదిన ఇంకా దాన్ని బాగుచేసే ఆలోచనలోనే ఉంది. ఈలోగా అన్నయ్య తెరమీది బొమ్మని ఫోనుతో ఫొటో తీసి ఆసుపత్రికి పంపించేశాడు. ఎలా ఉందో చూపించమని వాళ్ళు అడిగారట, ఈయన సరే అన్నాడట.

మర్నాడు స్టూడియో తలుపు తోసుకుని పెద్ద సిస్టర్ వచ్చింది. డ్యూటీ బట్టల్లోనే ఉంది. వస్తూనే ఫోను తెరిచి కౌంటరు మీద పెట్టింది.

"ఏమ్మా, నాకు మీసాలెందుకు పెట్టారు?"

అన్నయ్య కుర్చీలోంచి లేచి, ఏదో పని గుర్తొచ్చినవాడిలా వీధిలోకి నడిచాడు.

"అవి మీసాలు కావండీ సిస్టర్‌గారూ, నీడ," అంది వదిన.

"నీడైతే మెలి ఎందుకు తిరిగింది?"

వదిన వంగి చూసింది. నిజమే. నీడకి రెండు కొసలూ కాస్త పైకి లేచి, ఎవరో తీరిగ్గా దువ్వినట్టున్నాయి.

"మా వార్డులో పిల్లలు సూది మందంటేనే హడలిపోతారు. దీన్ని చూశారంటే ఆసుపత్రి గుమ్మం కూడా తొక్కరు. చెంపలమీద ఈ చుక్కలేమిటి, ఆటలమ్మ పోసినట్టు? పిల్లల ఆసుపత్రిలో నర్సుకి ఆటలమ్మ వచ్చినట్టు బొమ్మ పెడతారా ఎవరైనా?"

"చుక్కలు దగ్గర్నుంచి చూస్తే అలాగే ఉంటాయండీ. దూరంనుంచి చూడాలి."

"మా నడవ వెడల్పెంతో తెలుసా మీకు? రెండు స్ట్రెచర్లు ఎదురైతే ఒకటి వెనక్కి వెళ్ళాలి. దూరం ఎక్కణ్ణుంచి తెస్తారు?"

వదినకి ఆ మాట సూటిగా తగిలింది. నడవ వెడల్పు ఆవిడ ఎవర్నీ అడగనేలేదు. తలుపంత బొమ్మ అనగానే వీధిలో హోర్డింగుకి వేసినట్టు పెద్దపెద్ద చుక్కలు పరిచేసింది. తప్పు తనదే అయినా, ఎదుటి మనిషి ఎత్తిచూపేసరికి చిర్రెత్తుకొచ్చింది.

"చుక్కలు చిన్నవి చేస్తాను. కానీ మీరు మళ్ళీ ఫొటోకి కూర్చోవాలి. ఆ లైటు కింద తీసిన ఫొటోతో నేను కాదు, ఎవరూ ఏమీ చేయలేరు."

"నాకు ఖాళీ ఎక్కడిదమ్మా?"

"మీసాలు తీయించుకోడానికైనా ఖాళీ చేసుకోండి మరి!"

పెద్ద సిస్టర్ ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. తనని ఎవరైనా అలా దబాయించి చాలాకాలమైనట్టుంది. "వార్డుకే రండి. దొరికినప్పుడు తీసుకోండి," అని ఎంత వేగంగా వచ్చిందో అంత వేగంగా వెళ్ళిపోయింది.

వదిన కెమెరా, ముదురాకుపచ్చ దుప్పటి పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. దుప్పటి పట్టుకోడానికి అన్నయ్యని కూడా లాక్కెళ్ళింది. మందులు పెట్టే గదిలో ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉంది. ఆ కిటికీ పక్కన మెత్తటి వెలుతురు ఒకవైపు నుంచి పడుతోంది. మొహానికి ఒకపక్క వెలుగు, ఒకపక్క పల్చటి నీడ. ముక్కు కింద మీసాలకి చోటే లేదు. తెల్లటి టోపీ అంచు తెలియడానికి వెనకాల ముదురు దుప్పటి ఉంది. ఇక కావలసింది కూర్చునే మనిషి.

పెద్ద సిస్టర్ కూర్చుంది. వదిన కెమెరా కంటికి ఆనించిందో లేదో లేచి, "ఆ సెలైను అయిపోవచ్చింది, చూడండి!" అని కేకేసింది. మళ్ళీ కూర్చుంది. ఈసారి ఫోను మోగింది. ఫోను పెట్టేసి కూర్చునేలోపు పక్కగదిలోంచి ఏడుపు వినబడింది, లేచి వెళ్ళిపోయింది. వెళ్ళిన మనిషి ఎంతకీ రాదు. దుప్పటి పట్టుకున్న అన్నయ్య చేతులు వణకడం మొదలుపెట్టాయి.

"దించెయ్యనా?"

"దించారంటే ఊరుకోను."

"సరే," అన్నాడాయన నీరసంగా.

అప్పుడే వచ్చి కిటికీ పక్కన కూర్చోబోతున్న పెద్ద సిస్టర్‌కి ఆ 'సరే' వినబడింది. రెండు చేతులూ పైకెత్తి, దుప్పటి మాటున తల మాత్రం బయటపెట్టి నిలబడ్డ మనిషిని చూసి, కెమెరా వైపు తిరిగి ఆవిడ పకపకా నవ్వేసింది. అంత పెద్ద గొంతులోంచి అంత సన్నటి నవ్వు వస్తుందని వదిన అనుకోలేదు. బొత్తాం నొక్కేసింది.

ఇంటికొచ్చి చూసుకుంటే ఫొటో బంగారంలా ఉంది. నవ్వుకి కళ్ళ చివర్లలో ముడతలు పడ్డాయి గానీ వాటిని నునుపు చేసేటప్పుడు కొంచెం తగ్గించింది. గీతలు చక్కగా వచ్చాయి. చిక్కల్లా మచ్చ దగ్గరే. తెల్లమచ్చకీ చామనఛాయకీ మధ్య తేడా కొట్టొచ్చినట్టుంటుంది కాబట్టి కంప్యూటరు దాని అంచు పట్టుకుని మళ్ళీ లావాటి గీత లాగింది. కన్ను చుట్టూ ముసుగు కట్టినట్టుంది. గీత తగ్గిద్దామని చూస్తే కనుబొమ కూడా పోయింది. రంగులు కుదించేటప్పుడు నుదుటి మీద కిటికీ వెలుగు పడ్డ చోటూ, మచ్చా ఒకే రంగులో కలిసిపోయి, మొహం సగానికి సున్నం పూసినట్టయింది. దాని మీద చుక్కలు పడితే సున్నం మీద మట్టి చిమ్మినట్టు.

రెండు మూడు విధాల ప్రయత్నించి, విసిగిపోయి, వదిన తనకి బాగా చేతనైన పని చేసింది. మచ్చని తీసేసింది. పక్క చెంప మీది రంగు తెచ్చి కంటి చుట్టూ పరిచింది. అతుకు తెలియకుండా, కనుబొమ వెంట్రుకలతో సహా, అంత నాజూగ్గా చేసింది. ఆ మాపటికి కుర్చీలో వెనక్కి వాలి చూసుకుంటే నాన్న ఉంటే మెచ్చుకునేవాడనిపించింది.

నమూనా కాగితం తీసుకుని తనే వార్డుకి వెళ్ళింది. ఈసారి మెప్పు వస్తుందనే ఆశ ఉంది మరి.

పెద్ద సిస్టర్ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. "మీసాలు పోయాయి," అంది. "నవ్వు బావుంది. చుక్కలూ ఫరవాలేదు, బుగ్గ గుండ్రంగా కనబడుతోంది." తరవాత కాగితం దించి, "ఇంతకీ ఎవరిది ఈ బొమ్మ?" అంది.

"అదేమిటండీ, మీదే!"

"నా మచ్చేది?"

"తీసేశానండీ. అసలు తెలియనే తెలియదు, చూడండి. ఎంత కష్టపడ్డానో..."

"ఎవరు తీయమన్నారు?"

వదిన గుర్తు తెచ్చుకుని చూసింది. ఎవరూ తీయమనలేదు. ఇన్నేళ్ళలో ఎవరూ నోరు తెరిచి అడగకుండానే ఎందరివో తీసింది, అందరూ సంతోషంగా పట్టుకెళ్ళారు.

పెద్ద సిస్టర్ జేబులోంచి మాస్కు తీసి మొహానికి కట్టుకుంది. టోపీ కనుబొమల దాకా లాక్కుంది. "ఇప్పుడు చెప్పండి, ఏం కనబడుతోంది?"

రెండు కళ్ళు. ఒక కంటి చుట్టూ తెల్లటి మచ్చ.

"వార్డులో రోజంతా మేం ఇలాగే ఉంటాం. అందరివీ కళ్ళే. రాత్రి ఎవరొచ్చి సూది వేశారో, పొద్దున ఎవరొచ్చి అన్నం తినిపించారో పిల్లలకి తెలియదు. నన్ను మాత్రం గుమ్మంలోనే పోల్చుకుంటారు. గోడ మీద ఈవిడ బొమ్మ చూసి లోపలికొస్తే, లోపల ఈవిడ ఉండదు కదమ్మా. పిల్లలు ఎవరికోసం వెతుక్కోవాలి?"

అందులో బాధపడ్డట్టుగానీ దెప్పినట్టుగానీ ఏమీ లేదు. మందు సీసా మీద పేరు తప్పుంటే ఎలా చెబుతుందో అలా చెప్పింది. దాంతో వదినకి ఇంకా మండిపోయింది. దెబ్బలాటకైనా అవకాశం లేదు! కాగితం చుట్టి చంకలో పెట్టుకుని, మెట్లు దిగుతూ, వీధులు దాటుతూ, ఇంటి గుమ్మం ఎక్కుతూ ఒకటే గొణుగుడు. తీస్తే ఎందుకు తీశావంటారు, తీయకపోతే ఎందుకు తీయలేదంటారు. పెట్టమంటే పెట్టడానికి అదేమన్నా బొట్టా?

నిజంగానే అది బొట్టు పెట్టినంత తేలిక కాలేదు. తీయడం తెలుసు, ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టడం ఆవిడ చేతికి అలవాటు లేదు. మచ్చని మొహంలోంచి విడదీసి, దానికి వేరే రంగు ఇచ్చింది. తెలుపు కాదు, లేత గులాబీ కలిసిన మీగడ రంగు. దాంతో నుదుటి మీది వెలుగుతో అది కలవడం మానేసింది. మచ్చ చుట్టూ నల్లగీత అక్కర్లేదనుకుంది. కన్నుకి, కనుబొమకి, ముక్కుకి గీతలు ఉంచి, మచ్చ అంచు దగ్గర మాత్రం వాటిని చేత్తో చెరిపేసింది. రెండు రంగులు పక్కపక్కన ఆనితే అంచు దానంతటదే తెలుస్తుంది, దానికి గీత ఎందుకు? మచ్చ మీద చుక్కలు వేయకుండా వదిలేసింది. చుట్టూ చెంప మీద చుక్కలుండి అక్కడ లేకపోయేసరికి అది దూరానికి కూడా స్పష్టంగా కనబడింది. గదిలో ఆ చివరికి వెళ్ళి చూసింది. ముసుగూ కాదు, సున్నమూ కాదు. పెద్ద సిస్టర్ కన్ను.

"బావుందే! ముందే ఇలా చేసుంటే పోయేదిగా?" అన్నాడు వెనకనుంచి అన్నయ్య.

వదిన వెనక్కి తిరిగి చూసిన చూపుకి ఆయన టీ కప్పు అక్కడే పెట్టేసి వెళ్ళిపోయాడు.

అంతటితో అయిపోయిందా అంటే, ఇంకా ప్రెస్సు తమ్ముడున్నాడు. పెద్ద బొమ్మలు అచ్చువేసే ప్రెస్సు నడుపుతాడు. వదినంటే భయమూ ఉంది, గౌరవమూ ఉంది, చెప్పిన మాట వినే అలవాటు మాత్రం లేదు. అచ్చయిన బొమ్మలు చూడ్డానికి వెళ్ళిన వదినకి మొదటి బొమ్మ విప్పగానే కళ్ళు తిరిగాయి. డాక్టరుగారి చెంప మీద చుక్కల్లోంచి అలలు లేస్తున్నాయి. ఒకచోట చుక్కలు ఒత్తుగా, ఒకచోట పల్చగా, మళ్ళీ ఒత్తుగా, మళ్ళీ పల్చగా, తడి గుడ్డ పిండి ఆరేసినట్టు చారలు.

"తమ్ముడూ, ఏం చేశావు దీన్ని?"

"ఏం చేయలేదు వదినా."

"ఏం చేశావు?"

"ఫ్రేములో పట్టేలా లేదని కాస్త తగ్గించా. ఇంతే, ఇంత!" అని వేళ్ళతో చూపించాడు.

"ఆ ఇంతకే కొంప ముంచావు! చుక్కకీ చుక్కకీ మధ్య దూరం నేను లెక్క కట్టి పెట్టాను. నువ్వు మొత్తాన్ని కాస్త కుదించేసరికి ఆ దూరం నీ మిషన్ సిరా వేసే గళ్ళలో సరిగ్గా ఇమడదు. ఒక చుక్కకి ఒక గడి ఎక్కువ దొరుకుతుంది, ఇంకోదానికి తక్కువ. అదే వరసలో మళ్ళీ మళ్ళీ వచ్చి చారలవుతుంది. తగ్గించాలంటే నాకు చెప్పాలి. చుక్కల్లేని బొమ్మని తగ్గించి, దానిమీద చుక్కలు మళ్ళీ వేసిస్తాను."

"ఈ చారలు కూడా ఓ డిజైనులా ఉన్నాయిగా వదినా?"

వదిన తన చేతిలో ఉన్న బొమ్మని అడ్డంగా చుట్టి, బల్లమీద దబ్బుమని పడేసి, "ఫ్రేము లోపలి కొలత చెప్పు," అంది. అతను టేపు తెచ్చి కొలిచి చెప్పాడు. ఆవిడ మళ్ళీ ఇంటికొచ్చి, అన్ని బొమ్మలకీ చుక్కలు తీసేసి, కొలతకి కుదించి, మళ్ళీ చుక్కలు వేసింది. ఆ పూట ముందు గదిలోంచి 'సరే' అన్న మాట వినబడిన ప్రతిసారీ వెనక గదిలో ఏదో ఒకటి గట్టిగా చప్పుడయ్యేది.

ఆఖరికి బొమ్మలు నడవలోకి ఎక్కాయి. పెద్ద సిస్టర్ బొమ్మ సూది గది తలుపు పక్కనే పెట్టారు. అన్నయ్య నిచ్చెన ఎక్కి బిగిస్తుంటే పెద్ద సిస్టర్ కింద నిలబడి, ఎడమ పక్క పైకి, కాదు కుడి పక్క కిందకి అంటూ తిప్పలు పెట్టింది. అంతా అయ్యాక ఒకసారి తేరిపార చూసి, "యూనిఫాం రంగు... మాది ఇంకొంచెం ముదురు నీలం," అంది. వదిన కళ్ళు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చి వదిలి, నిచ్చెన మడవమని భర్తకి సైగ చేసింది.

కొన్నాళ్ళు ఆసుపత్రి ఊసు లేదు. తరవాత ఒక ఉదయం పెద్ద సిస్టర్ ఫోను చేసింది.

"మీ బొమ్మ పాడైపోయిందమ్మా. వచ్చి చూడండి."

"పాడవడమేమిటండీ? పైన ప్లాస్టిక్ పొర కూడా అంటించాం కదా!"

"బుగ్గ మీద చుక్కలు చెరిగిపోయాయి. ఎక్కడివక్కడ తెల్లబడుతున్నాయి."

మళ్ళీ మొదలు. వదిన మనసులో ప్రెస్సు తమ్ముణ్ణి, వాడి మిషన్ని, సిరాని, ఆ పొరని వరసపెట్టి తిట్టుకుంది. బుగ్గ భాగం ఒక్కటీ కొత్తగా అచ్చు వేయించి, చుట్టి పట్టుకుని, జిగురు, చిన్న కత్తెర సంచిలో వేసుకుని బయల్దేరింది. ఈసారి ఎవరి మీద అరవాలో తేల్చుకోకుండానే మెట్లన్నీ ఎక్కేసింది.

నడవలో బొమ్మ ముందు చక్రాల కుర్చీలో ఒక పిల్ల కూర్చుని ఉంది. పక్కన వాళ్ళమ్మ బిక్కచచ్చిపోయి నిలబడింది. పెద్ద సిస్టర్ మాస్కు కట్టుకుని, పిల్ల ఎడమ చేతి దగ్గర మోకాళ్ళ మీద వంగి ఉంది. సూది గదిలోకి తీసుకెళ్ళకుండా నడవలోనే పని కానిచ్చేస్తోంది. పిల్ల ఎడమ చెయ్యి వైపు చూడటంలేదు. కుడి చూపుడువేలు గోడ మీది బుగ్గకి ఆనించి, చుక్క తరవాత చుక్క గట్టిగా నొక్కుతూ లెక్కపెడుతోంది. వేలు పెట్టిన చోటల్లా పైపొర ఉబ్బి, గోటి గీతలు పడి, రంగు లేచిపోయి ఉంది. ఒక్క పిల్ల పని కాదది. ఎందరి వేళ్ళో అక్కడ తిరిగినట్టున్నాయి. అంతా బుగ్గ దగ్గరే. చుక్కల్లేని మచ్చ మీద ఒక్క గీత కూడా లేదు.

"ఇరవై తరవాత ఎంతా?" అంది పెద్ద సిస్టర్ తల ఎత్తకుండా.

"ఇరవయ్యొకటి," అని పిల్ల వేలు తరవాతి చుక్క మీద పెట్టింది.

"సిస్టర్‌గారూ, బుగ్గ మార్చడానికి వచ్చాను," అంది వదిన.

"కాసేపు ఆగండమ్మా. ఇంకా లెక్క అవలేదు."

వదిన చేతిలోని కాగితపు చుట్ట గోడకి ఆనించి, సంచి భుజం మార్చుకుంది. ఈ బుగ్గ అతికించినా నెల తిరక్కుండా మళ్ళీ చెరుపుతారని తెలుస్తూనే ఉంది. పొర ఇంకాస్త మందంది వేయమని ప్రెస్సులో చెప్పాలి, చెబితే వాడు వినడు. చుక్కలు ఇంకొంచెం పెద్దవి చేస్తే చిన్నపిల్లల వేళ్ళకి లెక్క తప్పదేమో, కానీ అప్పుడు ఈ ఇరుకు నడవలో మళ్ళీ ఆటలమ్మలా కనబడుతుంది. ఈవిడ మళ్ళీ స్టూడియోకి ఊడిపడుతుంది.

"ఇరవై మూడు," అంది పిల్ల.

"ఇరవై రెండు మింగేశావు," అంది వదిన ఆపుకోలేక.

పిల్ల వెనక్కి తిరిగి కోపంగా చూసి, వేలు వెనక్కి తీసి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.